నేల మీద జాలీ నీడ: రెండర్ చూపేది, ఎండ చేసేది

ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో చూపించే బొమ్మలు ఇప్పుడు దాదాపు ప్రతి ఆర్కిటెక్టు ఆఫీసులోనూ తయారవుతున్నాయి. కంప్యూటర్‌లో గోడలు లేపి, కిటికీలు పెట్టి, నేలకు రాయి పరిచి, ఎండ పడేలా చేసి తీసే ఆ బొమ్మను రెండర్ అంటారు. ఈ మధ్య వాటిలో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. పడమటి కిటికీకి జాలీ, దాని గుండా సాయంత్రపు ఎండ, హాలు నేలంతా పరుచుకున్న చుక్కలు, నక్షత్రాలు, గళ్లు. చాలామంది జాలీని చూసి కాదు, ఆ నీడను చూసే సరే అంటారు.

తీరా ఇల్లు పూర్తయ్యాక లెక్క మారుతుంది. సన్న చిల్లుల రేకు బిగించిన చోట నేల మీద చుక్కలేవీ ఉండవు, ఒక పలచని మసక వెలుగు మాత్రం ఉంటుంది. రాతి జాలీ పెట్టిన చోట నీడ పడుతుంది గానీ బొమ్మలో చూసిన ఆకారం కాదు, బొమ్మలో చూసినంత వెలుగూ లోపలికి రాదు. మేస్త్రీ తప్పేమీ లేదు. జాలీ గీసినట్టే చెక్కారు, కొలతల ప్రకారమే బిగించారు. బొమ్మ తీసేటప్పుడే మూడు సంగతులు వదిలేశారు: ఆకాశంలో సూర్యుడి సైజు, జాలీ నుంచి నేలకున్న దూరం, జాలీ మందం. ఈ మూడూ సరిగ్గా పెట్టి తీసిన రెండర్ నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఒక్కటి తప్పినా బొమ్మ అందంగా ఉంటూనే అబద్ధం చెబుతుంది.

సూర్యుడు చుక్క కాదు

సూర్యుడి వ్యాసం సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు, మనకు దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. అంటే దూరం వ్యాసానికి దాదాపు 108 రెట్లు. అందుకే ఆకాశంలో సూర్యబింబం అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువ వెడల్పున కనిపిస్తుంది. చూడ్డానికి ఇది చిన్న సంఖ్యే గానీ, జాలీ నీడ భవిష్యత్తంతా దీని మీదే ఆధారపడి ఉంది.

వెలుగు ఒక్క బిందువు నుంచే వస్తే నీడ అంచు కత్తితో కోసినట్టు ఉండేది. కానీ బింబం పై అంచు నుంచి వచ్చే కిరణమూ, కింది అంచు నుంచి వచ్చే కిరణమూ ఒకే చిల్లు గుండా దూరి నేల మీద వేర్వేరు చోట్ల పడతాయి. ఆ రెంటి మధ్య ఉన్న మేర సగం వెలుగు, సగం నీడ. పాఠ్యపుస్తకాల్లో ఉపచ్ఛాయ అని చదువుకున్నది దీన్నే. దీని వెడల్పు కనుక్కోవడం తేలిక. చిల్లు నుంచి నేల దాకా కిరణం నడిచిన దూరాన్ని 108తో భాగిస్తే చాలు. ఒక మీటరు దూరానికి 9 మిల్లీమీటర్లకు పైగా, మూడు మీటర్లకు 28 మిల్లీమీటర్ల మసక వస్తుంది.

చిల్లు ఈ మసక కంటే బాగా పెద్దదైతే నేల మీద చిల్లు ఆకారం కనబడుతుంది. చిన్నదైతే దాని ఆకారమే పోతుంది. అప్పుడు నేల మీద పడేది సూర్యుడి బొమ్మ. నలుచదరపు చిల్లు పెట్టినా, నక్షత్రం కోసినా గుండ్రటి మచ్చే పడుతుంది. సూర్యగ్రహణం రోజు చెట్టు కింద నిలబడ్డవాళ్లు ఇది చూసే ఉంటారు. ఆకుల సందుల ఆకారం ఎలా ఉన్నా నేల మీద పడిన మచ్చలన్నీ నెలవంకలే, ఎందుకంటే ఆ వేళకు సూర్యుడే నెలవంకలా ఉన్నాడు.

అబూధాబిలో 2017లో తెరిచిన లూవ్ర్ మ్యూజియం గుమ్మటం దీనికి పెద్ద ఉదాహరణ. ఫ్రెంచి ఆర్కిటెక్టు జాఁ నూవెల్ రూపొందించిన ఆ గుమ్మటం 180 మీటర్ల వ్యాసంతో, ఒకదాని మీద ఒకటిగా ఎనిమిది పొరల లోహపు జాలీలతో కట్టింది. వాటిలో 7,850 నక్షత్రాకారాలున్నాయి. తలెత్తి చూస్తే నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే కిరణం 30 మీటర్లు ప్రయాణించి నేలను చేరేసరికి మసక వెడల్పు దాదాపు 28 సెంటీమీటర్లవుతుంది. అందుకే అక్కడి నేల మీద పడేవి మెత్తటి అంచుల వెలుగు మచ్చలు. సూర్యుడు కదిలే కొద్దీ ఒక పొరలో దారి మూసుకుని మరోచోట తెరుచుకోవడం వల్ల అవి వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఆ గుమ్మటం అందం ఆ మెత్తదనంలోనే ఉంది.

ఒక హాలు, ఒక సాయంత్రం

ఇప్పుడు మన ఊరి హాలుకు వద్దాం. హైదరాబాదులో పడమటి గోడకు ఒక కిటికీ ఉందనుకుందాం. వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 1.2 మీటర్లు, నేల నుంచి 0.9 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. రోజు మార్చి 21, సూర్యమానం ప్రకారం సాయంత్రం నాలుగు. గోడ గడియారంలో అప్పటికి 4.20 దాటుతుంది. సూర్యుడు దిక్చక్రానికి సుమారు 28 డిగ్రీల ఎత్తులో, దాదాపు ఎదురుగా, పడమరకు కాస్త దక్షిణంగా ఉంటాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ గోడకు 1.6 మీటర్ల దూరం నుంచి 3.8 మీటర్ల దూరం వరకు నేల మీద పరుచుకుంటుంది. ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి కిటికీలోని నిలువు కొలత ఏదైనా నేల మీద 1.8 రెట్లు సాగుతుంది.

ఈ కిటికీకి మొదట చిల్లుల రేకు పెడదాం. 2 మిల్లీమీటర్ల మందం, 10 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు, చిల్లు మధ్య నుంచి పక్క చిల్లు మధ్యకు 15 మిల్లీమీటర్లు, వరస తప్పించి అమర్చినవి. ఇలాంటి రేకులో 40 శాతం ఖాళీ ఉంటుంది. నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న చిల్లు నుంచి కిరణం నేలను తాకడానికి 3.1 మీటర్లు నడవాలి. మసక వెడల్పు 29 మిల్లీమీటర్లు. చిల్లుల మధ్య దూరం చూస్తే 15 మాత్రమే.

దీని అర్థం తెలియాలంటే నేల మీద ఒక చీమ ఉన్న చోటు నుంచి పైకి చూసినట్టు ఊహించాలి. అక్కడి నుంచి చూస్తే సూర్యబింబం రేకు మీద 29 మిల్లీమీటర్ల వృత్తమంత మేర ఆక్రమిస్తుంది. ఆ వృత్తంలో ఎప్పుడూ సుమారు నాలుగు చిల్లులు పడతాయి. చీమ కొంచెం జరిగితే ఒక చిల్లు ఒకవైపు నుంచి తప్పుకుంటుంది, మరొకటి ఇంకోవైపు నుంచి వచ్చి చేరుతుంది. లెక్క అంతే ఉంటుంది. ఏ చోటికి వెళ్లినా సూర్యుడిలో 40 శాతం కంటే కాస్త తక్కువే కనిపిస్తుంది. అంటే నేల మీద ఎక్కడా చుక్క లేదు, చుక్కల మధ్య నీడా లేదు. ఎండ అంతటా సమానంగా తగ్గింది, అంతే. అదే రేకుకు ఆనుకుని ఉన్న కిటికీ గట్టు మీద చూడండి. కిరణం నడిచేది 20 సెంటీమీటర్లే కాబట్టి మసక 2 మిల్లీమీటర్లు, చుక్కలు ముత్యాల్లా విడివిడిగా కనిపిస్తాయి.

కాబట్టి సన్న చిల్లుల రేకు కిటికీ నుంచి నేల నిండా చుక్కలు పడిన రెండర్ ఎక్కడ కనిపించినా అది జరగని పని అని ఇట్టే చెప్పొచ్చు. రేకులోనే నమూనా నేల మీద కావాలంటే చిల్లు సైజు పెంచాలి. లేజర్‌తో 60 మిల్లీమీటర్ల ఆకారాలు, వాటి మధ్య తగినంత రేకు వదిలి కోయిస్తే ఇదే హాలులో నీడ బాగా పడుతుంది.

రాయి మందం చేసే పని

ఇప్పుడు అదే కిటికీకి రాతి జాలీ. 60 మిల్లీమీటర్ల చదరపు గళ్లు, గడికీ గడికీ మధ్య 25 మిల్లీమీటర్ల రాతి పట్టీ, రాయి మందం 50 మిల్లీమీటర్లు. ఎదురుగా నిలబడి చూస్తే సగం రాయి, సగం ఖాళీ.

ఎండ మాత్రం ఎదురుగా రాదు, దిగుతూ వస్తుంది. మన సాయంత్రం నాలుగింటి కిరణం 50 మిల్లీమీటర్ల మందం దాటేలోపు 27 మిల్లీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. అంటే 60 మిల్లీమీటర్ల గడిలో కింది 27 మిల్లీమీటర్ల మేర దూరిన ఎండ లోపలికి రాకుండా గడి అడుగు ముఖం మీదే పడిపోతుంది. పక్కకు ఉన్న చిన్న వాలు వల్ల వెడల్పులోనూ 9 మిల్లీమీటర్లు పోతాయి. చివరికి గదిలోకి వచ్చేది 51 వెడల్పు, 32 ఎత్తు ఉన్న వెలుగు. జాలీ మొత్తంలో సగం ఖాళీ ఉన్నా నేలను చేరే ఎండ 23 శాతమే.

ఆకారం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మందం లేని జాలీ అయితే 60 మిల్లీమీటర్ల చదరం నేల మీద సాగి 60 వెడల్పు, 109 పొడవున్న పొడుగాటి పట్టీ అయ్యేది. రాయి ఎత్తును 32కి కోసేసింది కాబట్టి అది 1.8 రెట్లు సాగినా 59 దగ్గర ఆగుతుంది. నేల మీద 51, 59 కొలతలతో దాదాపు చదరంగానే ఉన్న మచ్చ పడుతుంది. రాయి మందం కోసింది, ఏటవాలు సాగదీసింది, రెండూ కలిసి గడిని మళ్లీ గడిలా చూపించాయి. గంట అటూ ఇటూ అయితే ఈ పొత్తు ఉండదు.

ఆ గంటల్లో ఏం జరుగుతుందో చూస్తే జాలీని ఎందుకు మందంగా చెక్కేవారో తెలుస్తుంది. అదే రోజు మూడింటికి గడి ఎత్తులో 12 మిల్లీమీటర్ల మేర ఎండే లోపలికి వస్తుంది. నాలుగింటికి 32, ఐదింటికి 47. ఎండ చుర్రుమనే వేళ తలుపు దాదాపు మూసి, చల్లబడే కొద్దీ తెరుస్తున్నట్టు రాయి తనంతట తానే పనిచేస్తోంది. ఇదే జాలీ దక్షిణపు గోడకు ఉంటే, సూర్యుడు అన్నిటికంటే కిందికి దిగే డిసెంబరు 21 మధ్యాహ్నం కూడా హైదరాబాదులో 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి నేరుగా వచ్చే ఎండకు 2 మిల్లీమీటర్ల సందు మాత్రమే మిగులుతుంది. గాలి వస్తుంది, వెలుగు వస్తుంది, ఎండ రాదు. పలచటి రేకుకు ఈ తెలివి లేదు. అది మూడింటికైనా ఐదింటికైనా ఇంచుమించు ఒకే పాలు ఎండను లోపలికి వదులుతుంది.

గడి అడుగు ముఖం మీద పడిపోయిన ఎండ వృథా కాదు. ఆ ముఖం వెలిగి, వెలుగును పైకీ లోపలికీ చిమ్ముతుంది. ఫతేపూర్ సిక్రీలో సలీం చిష్తీ సమాధి చుట్టూ ఉన్న తెల్ల పాలరాతి జాలీలు లోపల నిలబడి చూసినప్పుడు అంచుల్లో వెలుగు నింపుకున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. హైదరాబాదులోని పైగా సమాధుల దగ్గర సున్నపు పనితో చేసిన జాలీల్లోనూ దీన్ని దగ్గరగా చూడొచ్చు. ఎండ తగిలే వేళ జాలీకి లోపలివైపు నిలబడి ఒక్క గడిని గమనించండి. అడుగు ముఖం మెరుస్తుంది, పక్క ముఖాల్లో ఒకటి దానికంటే తక్కువ, పై ముఖం కింది నుంచి వచ్చిన వెలుగుతో మెత్తగా ఉంటుంది. ఒకే గడిలో మూడు నాలుగు ఛాయలు.

బొమ్మలో ఎక్కడ తప్పుతుంది

రెండర్ చేసేవాళ్లు జాలీని రెండు రకాలుగా పెడతారు. మొదటిది సులువు. ఒక పలచని పలకను నిలబెట్టి, నలుపు తెలుపుల్లో ఉన్న జాలీ బొమ్మను దానికి అతికిస్తారు. తెలుపున్న చోట పలక ఉంటుంది, నలుపున్న చోట పారదర్శకమవుతుంది. ఒపాసిటీ మ్యాప్ అంటారు. రెండోది నిజంగా గళ్లు తొలిచిన నమూనా తయారు చేయడం. బ్లెండర్‌లో అయితే ఒక గడిని గీసి, `Solidify`తో మందం ఇచ్చి, `Array`తో వరసలుగా పరుస్తారు.

రాతి జాలీని మొదటి పద్ధతిలో పెడితే పైన చెప్పిన లెక్క అంతా పోతుంది. పలకకు మందం లేదు కాబట్టి 23 శాతం రావాల్సిన ఎండ 50 శాతం వస్తుంది, చదరపు మచ్చలు పొడుగాటి పట్టీలవుతాయి, గడి లోపలి ముఖాలే లేవు కాబట్టి ఆ ఛాయలూ ఉండవు. బొమ్మలో హాలు నిజం కంటే రెండింతల ఎండతో వెలిగిపోతుంది. ఆ బొమ్మను నమ్మి మరో కిటికీ తగ్గించుకున్నవాళ్లకు చీకటి హాలు మిగులుతుంది.

ఇందులో ఒక ఊరట ఉంది. మన కిటికీకి రాతి గళ్లు వరసకు 14 చొప్పున మొత్తం 196. వాటిని నిజంగా తొలిచినా కంప్యూటర్‌కు బరువు కాదు. చిల్లుల రేకులో అదే మేరకు ఏడు వేలకు పైగా చిల్లులుంటాయి, అవి నిజంగా తొలిస్తే బరువే. కానీ రేకు మందం 2 మిల్లీమీటర్లే, అతికించిన బొమ్మతో పని జరిగిపోతుంది. మందం లెక్కకొచ్చే చోట చెక్కడం తేలిక, చెక్కడం కష్టమైన చోట మందంతో పెద్దగా పని లేదు.

ఇక సూర్యుడు. బ్లెండర్‌లో సూర్యుడికి `Angle` అనే అమరిక ఉంటుంది, మొదట్లో అది 0.526 డిగ్రీలు. నిజానికి దగ్గరి విలువే. సైకిల్స్ అనే రెండర్ ఇంజిను నేల మీది ప్రతి చోటు నుంచీ సూర్యబింబంలో ఏదో ఒక బిందువు వైపు కిరణాన్ని పంపి, దారిలో జాలీ అడ్డొచ్చిందా అని చూస్తుంది. ఇలా వందల సార్లు వేర్వేరు బిందువులకు చూసి సగటు తీస్తుంది. ఆ సగటే మెత్తటి అంచు. నీడ గీత గీసినట్టు రావాలని చాలామంది ఈ అంకెను సున్నా చేసేస్తారు. అప్పుడు కిరణాలన్నీ ఒకే దిక్కుకు వెళ్తాయి, సమాధానం అవును లేదా కాదు, అంచుకు మసకే ఉండదు. సన్న చిల్లుల రేకు నుంచి నేల నిండా చుక్కలు పుట్టేది ఇక్కడే.

కిరణాల సంఖ్య తక్కువ పెడితే మసక మేరలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. దాన్ని తుడవడానికి డీనాయిజర్ వాడతారు. గరుకు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఏది గరుకో ఏది నమూనానో దానికి తెలియక రెంటినీ కలిపి అలికేస్తుంది. ఒక గడి స్పష్టంగా, పక్క గడి కరిగిపోయినట్టు ఉంటే కారణం ఎండ కాదు, తక్కువ కిరణాలు.

ఎండ దిశ కూడా చేత్తో తిప్పి పెట్టేది కాదు. ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం ఇస్తే సూర్యుడిని సరైన చోట నిలబెట్టే సాధనాలున్నాయి. అక్కడ భారత కాలమానం, అంటే 5.30 గంటల తేడా ఇవ్వడం మరిచిపోతే సాయంత్రం అనుకున్న ఎండ వేరే వేళకు పోతుంది. దిక్సూచి తప్పితే ఉత్తరపు కిటికీ గుండా డిసెంబరు ఎండ పడుతున్న బొమ్మ వస్తుంది. మన ఊళ్లలో అది ఎన్నటికీ జరగదు.

చివరిగా నేల. తాండూరు రాయి, ఎర్ర పలకలు వంటి గరుకు నేలల మీద నీడ బాగా నిలుస్తుంది. అద్దంలా పాలిష్ చేసిన నల్ల గ్రానైటు మీద అంతగా నిలవదు. అక్కడ ఎండ మచ్చ కంటే కిటికీ ప్రతిబింబమే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నల్ల గ్రానైటు మీద పాలలాంటి తెల్లటి గళ్లు చూపించే బొమ్మను కాస్త అనుమానించాలి.

బొమ్మ చేతికి వచ్చినప్పుడు

ఇల్లు కట్టించుకునేవారు ఈ సాఫ్ట్‌వేర్లేవీ నేర్చుకోనక్కర్లేదు. బొమ్మలో గోడ దగ్గరి మచ్చలనూ, దూరపు మచ్చలనూ పోల్చి చూస్తే చాలు. మన హాలులో కిటికీ అడుగు నుంచి వచ్చిన ఎండ 1.9 మీటర్లు నడుస్తుంది, మసక 17 మిల్లీమీటర్లు. పై అంచు నుంచి వచ్చింది 4.4 మీటర్లు నడుస్తుంది, మసక 41. కాబట్టి గోడ దగ్గరి గళ్లు తేటగా, గది మధ్యకు పోయే కొద్దీ మెత్తగా, కాస్త వెలవెలగా ఉండాలి. మొదటి గడి నుంచి చివరి గడి వరకు అంచులన్నీ ఒకేలా ఉంటే సూర్యుడిని చుక్కగా పెట్టారని అర్థం. తర్వాత జాలీనే దగ్గరగా చూడండి. గడి లోపలి ముఖాలు కనబడకపోతే అది రాయి కాదు, రాయి బొమ్మ అతికించిన కాగితం. ఆ రెండూ సరిగా ఉంటే ఏ తేదీ, ఎన్ని గంటలకు తీశారని అడగండి. మూడింటికీ ఐదింటికీ కూడా తీసి చూపించమనండి.

జాలీకి డబ్బు కట్టే ముందు ఇంకో పని చేయొచ్చు, దీనికి కంప్యూటరూ అక్కర్లేదు. ఒక మందపాటి అట్ట తీసుకుని సగంలో అనుకున్న రేకు చిల్లులు, మిగతా సగంలో అనుకున్న జాలీ గళ్లు అసలు కొలతల్లోనే కోయండి. రాతి జాలీ అయితే రాయి ఎంత మందమో అంత మందం వచ్చేదాకా థర్మాకోల్ పలకలు అతికించి తొలవండి. స్థలంలో గోడలు లేచి ఉంటే కిటికీ ఎత్తులో, లేకపోతే ఇప్పుడున్న ఇంటి పడమటి కిటికీలో, సాయంత్రం నాలుగింటికి ఎండకు అడ్డుగా పట్టుకుని నేల మీద ఏం పడుతుందో చూడండి. రెండర్‌కూ దానికీ పొత్తు కుదిరితే జాలీ చేయించండి. కుదరకపోతే ఇంకా సమయం ఉంది కాబట్టి గడి సైజో, మందమో, కిటికీ ఎత్తో మార్చి మళ్లీ బొమ్మ తీయించండి.